పరుపు బరువెంతో అడగండి

రెండు పరుపుల వివరణలు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. మొదటిదాంట్లో ఇలా ఉంది: “ఆరంగుళాల మెమరీ ఫోమ్ ఆర్థో పరుపు, మీడియం ఫర్మ్, ప్రీమియం క్లాత్, 78×60 సైజు, బరువు 15 కిలోలు.” రెండోదాంట్లో: “పైన ఒక అంగుళం మెమరీ ఫోమ్, 50 డెన్సిటీ. కింద ఐదంగుళాల ఫోమ్, 32 డెన్సిటీ. పై గుడ్డ 250 జీఎస్ఎం, జిప్పు తీసి ఉతుక్కోవచ్చు. 78×60 సైజు, బరువు 18 కిలోలు.” మొదటిది కాస్త చవక. రెండూ ఆరంగుళాలే, రెండూ మెమరీ ఫోమే, రెండూ డబుల్ కాట్‌కి సరిపోయేవే. అలాంటప్పుడు ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలని చాలామంది మొదటిదే కొనేస్తారు.

మొదటి వివరణలో నిజంగా పనికొచ్చే మాటలు మూడే ఉన్నాయి: మందం, సైజు, బరువు. ప్రీమియం, ఆర్థో అనేవాటిని ఎవరూ కొలవలేరు, కాబట్టి తప్పని నిరూపించడం కూడా కుదరదు. మందాన్ని, బరువును మాత్రం ఎవరైనా కొలవొచ్చు. దర్జీ వాడే టేపు, ఒక తూకం, ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు. ఈ మూడింటితో, వివరణలో రాయని సంగతి కూడా చాలావరకు బయటికి లాగొచ్చు. అది ఎలాగో ఈ రెండు పరుపుల మీదే చూద్దాం.

పరుపును తూకంతో చెప్పడం మనకు కొత్త కాదు. దూది పరుపులు కుట్టించుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పరుపు కుట్టేవాడు ముందుగా అడిగేది “ఎన్ని కిలోల దూది పొయ్యమంటారమ్మా?” అనే. సింగిల్ మంచానికి ఇంత, డబుల్ మంచానికి ఇంత అని ఇంట్లో పెద్దవాళ్లకు ఒక లెక్క ఉండేది. దూది మన కళ్ల ముందే తూచి గలీబులో కూరేవారు. పత్తి దూదో బూరుగు దూదో ముందే తేల్చుకునేవాళ్లం, ఎందుకంటే బూరుగు దూది చాలా తేలిక, అదే బరువుకి ఎక్కువ చోటు నింపుతుంది. ఏ సరుకు, ఎన్ని కిలోలు అనే రెండు ముక్కల్లో ఆ పరుపు సంగతంతా వచ్చేసేది. ఫోమ్ పరుపులు వచ్చాక మనం కిలోలు వదిలేసి అంగుళాల దగ్గర ఆగిపోయాం.

అంగుళాలు అవసరమే. అయితే వాటిని సరిగ్గా కొలవాలి. పరుపు మీద గుడ్డను పలచటి స్పాంజితో కలిపి పూల డిజైన్‌లాగా కుట్టేస్తారు. ఆ కుట్ల మధ్య గుడ్డ ఉబ్బి ఉంటుంది. ఉబ్బిన చోట టేపు పెడితే ఆరంగుళాలు, కుట్టు మీద పెడితే ఐదున్నర రావచ్చు. అందుకని పరుపును చదునైన చోట పరిచి, పైన అడ్డంగా తేలికైన స్కేలో సన్నటి చెక్కపట్టీయో ఉంచి, దాని అడుగు నుంచి నేల వరకు నిలువుగా కొలవాలి. నాలుగు పక్కలా కొలిచి చూస్తే ఎక్కడైనా తగ్గిందా అన్నది తెలిసిపోతుంది.

చాప చుట్టినట్టు చుట్టి, గాలి తీసేసి, అట్టపెట్టెలో పంపే పరుపులకు ఇంకో జాగ్రత్త ఉంది. విప్పగానే అది పూర్తి మందానికి రాదు. ఒకటి నుంచి మూడు రోజులు పట్టవచ్చు. మెమరీ ఫోమ్ చలికి బిగుసుకుంటుంది కాబట్టి చలికాలంలో మరికాస్త ఆలస్యమవుతుంది. విప్పిన గంటకే కొలిచి మందం తక్కువని తగవు పడటం తొందరపాటు. మూడు రోజులు దాటినా ఒక మూల లేవకపోతే మాత్రం అది లోపమే. ఫోటో తీసి పెట్టుకుని, వాపసు గడువు ముగిసేలోగా చెప్పాలి.

మందం గురించి అడగాల్సిన అసలు ప్రశ్న మరొకటి ఉంది. ఆరంగుళాలంటే ఏ పొర ఎన్ని అంగుళాలు? “మెమరీ ఫోమ్ పరుపు” అన్నంత మాత్రాన ఆరంగుళాలూ మెమరీ ఫోమే ఉండదు. ఉండకూడదు కూడా, ఎందుకంటే అది ఒత్తిడికి, ఒంటి వేడికి మెల్లగా కుంగే రకం, పూర్తిగా దానితోనే చేస్తే మనిషి అందులో దిగబడిపోతాడు. పైన ఒకటి రెండు అంగుళాలు అది వేసి, కింద బరువు మోసే గట్టి ఫోమ్ వేస్తారు. మొదటి వివరణ ఆ పై పొర ఎంతో చెప్పలేదు. అరంగుళం వేసినా దాన్ని మెమరీ ఫోమ్ పరుపు అనే అమ్ముకోవచ్చు.

ఇక డెన్సిటీ. దుకాణాల్లో “ఇది 32, అది 40” అంటుంటారు. ఒక ఘనపు మీటరు ఫోమ్ తూస్తే ఎన్ని కిలోలు వస్తుందో అదే ఆ అంకె. ఫోమ్‌లో ఎక్కువ భాగం గాలి. ఆ గాలి చుట్టూ ఉన్న సన్నటి గోడలే మన బరువు మోసేవి. డెన్సిటీ ఎక్కువంటే ఆ గోడల్లో సరుకు ఎక్కువని అర్థం. సరుకు ఎక్కువున్న ఫోమ్ ఏళ్ల తరబడి కుంగి లేచినా తన ఆకారాన్ని ఎక్కువ కాలం నిలుపుకుంటుంది. పరుపు కొన్న కొత్తలో 25 డెన్సిటీకీ 32 డెన్సిటీకీ పడుకుంటే పెద్దగా తేడా తెలియకపోవచ్చు. నడుము ఆనే చోట గుంట ఎప్పుడు పడుతుందన్న దగ్గర ఆ తేడా బయటపడుతుంది.

ఈ డెన్సిటీని ఇంట్లోనే లెక్కకట్టొచ్చు. పరుపు పొడవు, వెడల్పు, మందం మూడింటినీ అంగుళాల్లో గుణించి, వచ్చినదాన్ని 61,000తో భాగిస్తే ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. మన పరుపుకి 78, 60, 6 గుణిస్తే 28,080. దాన్ని 61,000తో భాగిస్తే 0.46. అంటే ఈ సైజు ఆరంగుళాల పరుపు ఏదైనా సుమారు 0.46 ఘనపు మీటర్లు ఉంటుంది. ఒక్కో అంగుళానికి 0.077 చొప్పున పడుతుంది.

ముందు రెండో పరుపు చెప్పింది నిజమేనా చూద్దాం. పైన అంగుళం మెమరీ ఫోమ్, 50 డెన్సిటీ. 0.077ను 50తో గుణిస్తే సుమారు 3.8 కిలోలు. కింద ఐదంగుళాలు, అంటే 0.384 ఘనపు మీటర్లు, 32 డెన్సిటీ. అది 12.3 కిలోలు. రెండూ కలిపి 16.1. ఇక పై గుడ్డ. పైనా కిందా నాలుగు పక్కలా కలిపి సుమారు 7.1 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది, చదరపు మీటరుకు 250 గ్రాముల చొప్పున 1.8 కిలోలు. మొత్తం 17.9. వివరణలో 18 అని ఉంది. లెక్క కుదిరింది. రాసిన అంకెలన్నీ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి.

ఇప్పుడు మొదటిది. మొత్తం 15 కిలోలు. గుడ్డకు అదే 1.8 తీసేస్తే 13.2 మిగిలింది. పైన అంగుళం మెమరీ ఫోమ్ 50 డెన్సిటీదే ఉందని మర్యాదగా ఒప్పుకుందాం. దాని 3.8 తీసేస్తే 9.4 కిలోలు. ఆ 9.4 కిలోలే కింది ఐదంగుళాలను నింపాలి. 9.4ను 0.384తో భాగిస్తే 24.5. అంటే కింద ఉన్నది 24, 25 డెన్సిటీ ఫోమ్. సోఫాలో వీపు ఆనుకునే దిండుకు అది చాలు. రోజూ ఇద్దరు పెద్దవాళ్లు ఏడెనిమిది గంటలు పడుకునే పరుపుకు అడుగు పొరగా అది తక్కువ. ఒకవేళ మెమరీ పొర అరంగుళమే అయితే కింది ఫోమ్ లెక్క 26, 27 వరకు వస్తుంది, కానీ అప్పుడు మెమరీ ఫోమ్ అన్న మాటకే విలువ తగ్గిపోతుంది. ఎటు చూసినా, ఆ తగ్గిన ధర పరుపులోంచి తీసేసిన మూడు కిలోల సరుకుదే. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే వాడే గదికైతే ఈ పరుపే తీసుకోవచ్చు, తప్పేం లేదు. తెలిసి తీసుకోవాలి, అంతే.

ఈ లెక్కకు కొన్ని హద్దులున్నాయి. అవి తెలియకపోతే బరువే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మొదటిది, ఒకే రకం సరుకుల మధ్యే డెన్సిటీని పోల్చాలి. ఫోమ్ తుక్కును ముక్కలు చేసి జిగురుతో అదిమి తయారుచేసే రీబాండెడ్ ఫోమ్ 80, 100 డెన్సిటీ ఉంటుంది. రంగురంగుల ముక్కలు కనిపిస్తుంటాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. దాని 100ను మామూలు ఫోమ్ 40తో పోల్చి రెండున్నర రెట్లు మంచిదనుకోకూడదు. అది గట్టిగా ఉండే అడుగు పొరకు పనికొచ్చే సరుకు, దాని తూకం లెక్క వేరు. కొబ్బరి పీచు పరుపూ అంతే. పీచును మెలితిప్పి, విప్పి, రబ్బరు పాలు చల్లి, అచ్చులో అదిమి చేస్తారు. కోనసీమ కొబ్బరి చెట్ల కింద పెరిగినవాళ్లకు పీచు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. గాలి ఆడుతుంది, గట్టిగా ఉంటుంది, ఉక్కపోసే ఊళ్లకు నప్పుతుంది. కొబ్బరి పీచు పరుపును మరో కొబ్బరి పీచు పరుపుతోనే తూచి చూడాలి.

రెండోది మరీ జాగ్రత్తగా చూడాల్సింది. ఫోమ్ తయారీలో సున్నపురాతి పొడిలాంటివి కలిపి బరువు పెంచే పద్ధతి ఉంది. డెన్సిటీ 32 అనే తూగుతుంది, కానీ అందులో కొంత పొడి. ఆ పొడి బరువు మోయదు. జిప్పు ఉన్న పరుపైతే తెరిచి మూల దగ్గర ఫోమ్‌ను రెండు వేళ్ల మధ్య గట్టిగా నలిపి చూడండి. చేతికి పిండిలాంటి దుమ్ము అంటినా, మూల పొరలు పొరలుగా రాలినా అనుమానించాలి. మంచి ఫోమ్ పిడికిట్లో నలిపి వదిలితే వెంటనే లేస్తుంది, మెమరీ ఫోమ్ కొద్ది క్షణాలు ఆగి లేస్తుంది, రెండూ చివరికి మడత గుర్తు లేకుండా మామూలైపోతాయి. దుకాణంలో ఇచ్చే నమూనా ముక్క మీద కాదు, మనం కొనే పరుపు మీదే ఈ పరీక్ష చేయాలి.

డెన్సిటీ గురించి ఇంత చెప్పాక ఒక అపోహ తీర్చాలి. డెన్సిటీ ఎక్కువైతే పరుపు గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, అమ్మేవాళ్లలో కూడా కొందరు అలాగే చెబుతారు. ఈ రెండూ వేర్వేరు గుణాలు. 32 డెన్సిటీలోనే మెత్తటి ఫోమ్ దొరుకుతుంది, గట్టి ఫోమ్ దొరుకుతుంది. డెన్సిటీ మన్నిక గురించి చెబుతుంది. గట్టిదనాన్ని విడిగా కొలవాలి.

ఫ్యాక్టరీల్లో దాన్ని కొలిచే పద్ధతుల్లో ఒకటి ఇలా ఉంటుంది. పదిహేనంగుళాల చదరం, నాలుగంగుళాల మందం ఉన్న ఫోమ్ ముక్క మీద ఎనిమిదంగుళాల గుండ్రటి పళ్లెం పెట్టి అదుముతారు. మందంలో నాలుగో వంతు, అంటే అంగుళం లోపలికి దిగడానికి ఎంత బరువు కావాలో చూస్తారు. ఆ బరువే ఆ ఫోమ్ గట్టిదనం. ఫోమ్ తయారుచేసేవాళ్ల దగ్గర ఈ అంకె ఉంటుంది. పరుపు మన దగ్గరికి వచ్చేసరికి అది పోయి, మీడియం ఫర్మ్ అనే మాట మిగులుతుంది. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి సాఫ్ట్ కావచ్చు. కొందరు పదికి ఏడు, పదికి ఆరు అని వేస్తారు. ఆ అంకెలు కూడా ఎవరికి వారు వేసుకునేవే, ఒక కంపెనీ ఏడుకు ఇంకో కంపెనీ ఏడుతో సంబంధం లేదు.

పైగా స్కేలు ఏ వైపు నుంచి మొదలవుతుందన్నదీ చూడాలి. గట్టి పరుపు మీద పడుకుంటే నడుం నొప్పి తగ్గుతుందన్న నమ్మకాన్ని స్పెయిన్‌లో పరీక్షించి చూశారు. ఆ ఫలితాలు 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఎప్పటినుంచో నడుం నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజుల తర్వాత చూస్తే, మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. అందులో మధ్యరకం పరుపు అంకె 5.6, గట్టి పరుపు అంకె 2.3. వాళ్లు వాడిన యూరప్ స్కేలులో 1 అంటే అన్నిటికన్నా గట్టిది, 10 అంటే అన్నిటికన్నా మెత్తనిది. మన దగ్గర పరుపుల వివరణల్లో ఎక్కువగా కనిపించేది దీనికి తిరగబడ్డ వరస, అక్కడ 10 అంటే రాయిలాంటిది. స్కేలు ఏ వైపుదో తెలియకుండా అంకెను మాత్రం పట్టుకుంటే మనకు కావలసినదానికి సరిగ్గా వ్యతిరేకమైనది ఇంటికి రావచ్చు. పరుపు మీద ఆర్థో అన్న మాట చూసి గట్టిదే నడుముకు మంచిదనుకునేవాళ్లు ఈ ఫలితాన్ని కూడా గుర్తు పెట్టుకోవాలి.

రెండు పరుపుల గట్టిదనాన్ని పోల్చడానికి మన ఇళ్లలోనే ఒక సాధనం ఉంది. తాగే నీళ్ల 20 లీటర్ల క్యాన్. నిండుగా ఉంటే దాని బరువు ఎప్పుడూ ఇరవై కిలోల పైచిలుకే, అడుగు ఎప్పుడూ ఒకే వెడల్పు. దాన్ని పరుపు మధ్యలో నిలబెట్టి, పక్కనే పరుపు మీద నుంచి క్యాన్ మీదుగా వెళ్లేలా పొడవాటి చెక్కపట్టీ ఉంచితే, అడుగు ఎంత లోపలికి దిగిందో టేపుతో కొలవొచ్చు. ఒక నిమిషం ఆగి కొలవాలి, మెమరీ ఫోమ్ నిదానంగా దిగుతుంది కాబట్టి. ఇది ఫ్యాక్టరీ అంకె కాదు. కానీ మీ పాత పరుపు మీద రెండంగుళాలు దిగి, కొత్తదాని మీద అంగుళమే దిగితే, కొత్తది ఎంత గట్టిదో మాటల్లో కాకుండా కొలతలో తెలుస్తుంది. వాపసు గడువులోపు, పై ప్లాస్టిక్ తీయకుండానే ఈ పరీక్ష చేసుకోవచ్చు.

ఆ తర్వాత మనిషి బరువు. యాభై కిలోల మనిషికి గట్టిగా తగిలే పరుపు తొంభై కిలోల మనిషికి మధ్యరకంగా ఉంటుంది. వివరణలో “మీడియం” అని ఉంటే, ఎవరికి మీడియం అన్నది కూడా రాయాలి. ఎవరూ రాయరు కాబట్టి దుకాణంలో పడుకునే చూడాలి. చేత్తో నొక్కి చూడటం దండగ, చేయి పైన ఉన్న అంగుళాన్నే చూస్తుంది. చెప్పులు విడిచి, మీరు మామూలుగా పడుకునే తీరులో పది నిమిషాలు పడుకోండి. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజం నొక్కుకుపోతుంటే పైపొర గట్టిది. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుము కింద చేయి సులువుగా దూరిపోతే పరుపు గట్టిది, అసలు దూరకపోతే తుంటి మరీ లోపలికి దిగుతోందని అర్థం. ఒకే ఫోమ్ నాలుగంగుళాల పరుపులో గట్టిగా, ఎనిమిదంగుళాల పరుపులో మెత్తగా తోచడం కూడా మామూలే. పలచటి పరుపులో ఒళ్లు కింద ఉన్న ప్లైవుడ్‌ను తాకబోతుంటుంది.

పరుపుతో పాటు దుప్పట్లు, దిండు గలీబులు కలిపి సెట్‌గా అమ్మేటప్పుడు గుడ్డ గురించి రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి జీఎస్ఎం, రెండోది త్రెడ్ కౌంట్. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. ఇది కూడా తూకమే కాబట్టి తేల్చుకోవచ్చు. డబుల్ దుప్పటి సాధారణంగా 90×100 అంగుళాలు. రెండూ గుణించి 1,550తో భాగిస్తే 5.8 చదరపు మీటర్లు. 140 జీఎస్ఎం అని రాసి ఉంటే ఆ దుప్పటి దాదాపు 810 గ్రాములు తూగాలి. వంటింటి తూకం మీద 580 గ్రాములే వచ్చిందంటే అది 100 జీఎస్ఎం గుడ్డ. నూలు పేరుతో పాలిస్టర్ మైక్రోఫైబర్ అంటగట్టిన సందర్భాల్లో ఇలా తేలిగ్గా తూగడం ఒక సూచన. ఒక దారం లాగి కాల్చి చూస్తే అది ఖాయమవుతుంది. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.

కొత్త దుప్పటిని మాత్రం ఉతకకుండా తూచొద్దు. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది. చేతికి బరువుగా, గరగరలాడుతూ బాగున్నట్టు అనిపించే దుప్పటి ఒక్క ఉతుకుతో మెత్తబడి పలచబడితే, ఆ పోయిన బరువు గంజిదే. ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి తూచిన బరువే నూలు బరువు.

త్రెడ్ కౌంట్ అంటే చదరపు అంగుళంలో పడుగు దారాలు, పేక దారాలు కలిపి ఎన్ని ఉన్నాయో ఆ లెక్క. ఇక్కడ మగ్గం దగ్గర పనిచేసేవాళ్లు చెప్పే మాట వినాలి. దారం సన్నదనాన్ని వాళ్లు కౌంట్‌తోనే చెబుతారు. 40 కౌంట్ కన్నా 60 కౌంట్ సన్నది. 40 కౌంట్ దారంతో చదరపు అంగుళానికి 200 దారాలు వేసినా, 60 కౌంట్‌తో 300 దారాలు వేసినా గుడ్డ బరువు దాదాపు ఒకటే వస్తుంది, చదరపు మీటరుకు 120 గ్రాముల దగ్గర. మొదటిది కాస్త మోటుగా, రెండోది నున్నగా ఉంటుంది. అందుకే జీఎస్ఎం ఒక్కటే చూస్తే గుడ్డ తీరు తెలియదు, త్రెడ్ కౌంట్ ఒక్కటే చూస్తే మందం తెలియదు, రెండూ కలిపి అడగాలి. ఇక 1,000 త్రెడ్ కౌంట్ అని కనిపిస్తే, రెండు మూడు పోగులు పేనిన ఒక్కో దారాన్ని రెండుగా మూడుగా లెక్కవేశారేమో చూడాలి. ఒంటి పోగు దారంతో చదరపు అంగుళంలో అన్ని దారాలు ఇమడవు.

రజాయిల మీద, ఏసీ దుప్పట్ల మీద ఉండే జీఎస్ఎం వేరు. 120, 200, 300 అన్న ఆ అంకెలు చాలాసార్లు లోపల నింపిన ఫైబర్‌వి, పై గుడ్డవి కావు. లోపలిదా, మొత్తమా అన్నది అడగకుండా రెండు రజాయిలను పోల్చలేం. మన వాతావరణంలో ఏసీ గదికి 120 నుంచి 200 మధ్య నింపుడు సరిపోతుంది. ఆదిలాబాద్, అరకు చలికి అంతకన్నా బరువైనది కావాలి.

పరుపు మందం పెరిగితే దుప్పటి చాలదన్న సంగతి సెట్ ఇంటికి వచ్చాక గానీ చాలామందికి తట్టదు. 78×60 పరుపు ఎనిమిదంగుళాల మందం అనుకోండి. పొడవు వైపు దుప్పటి పైన 78, రెండు చివరలా కిందికి దిగడానికి ఎనిమిదేసి, పరుపు కిందికి మడవడానికి కనీసం ఆరేసి, మొత్తం 106 అంగుళాలు కావాలి. మామూలు డబుల్ దుప్పటి పొడవు 100. నూలు గుడ్డ మొదటి ఉతుకుల్లో నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు కుంచించుకుపోతుంది కాబట్టి 95కు వస్తుంది. పరుపు అంచులు దిగేసరికే 94 అయిపోతాయి, మడవడానికి అంగుళమే మిగులుతుంది. ఇక తెల్లారేసరికి దుప్పటి మధ్యకు చేరుతుంది. ఆరంగుళాల పరుపుకు 108 అంగుళాల దుప్పటి హాయిగా సరిపోతుంది. ఎనిమిదంగుళాల దానికి అంతకన్నా పొడుగైనదో, మూలలకు ఎలాస్టిక్ ఉన్నదో తీసుకోవాలి. ఎలాస్టిక్ దుప్పటి వివరణలో అది ఎన్ని అంగుళాల మందం వరకు పడుతుందో ఉండాలి.

వాడకం గురించి రాసే “డ్రై క్లీన్ ఓన్లీ”, “స్పాట్ క్లీన్” అనే మాటలు కొనేముందే చదవాల్సినవి. చంటిపిల్లలున్న ఇంట్లో గుడ్డ జిప్పుతో ఊడుతుందా, ఊడినా ఉతికితే కుంచించుకుపోతుందా అన్నది మందం కన్నా ముఖ్యం. కుంచించుకుపోయిన గలీబు మళ్లీ పరుపుకు ఎక్కదు. చీటీ మీద నీళ్ల తొట్టి బొమ్మలో 30 అనో 40 అనో ఉంటే ఆ వేడి వరకే ఉతకమని, తొట్టి మీద ఇంటూ గుర్తుంటే అసలు నీళ్లలో పెట్టొద్దని అర్థం. త్రికోణం మీద ఇంటూ ఉంటే బ్లీచింగ్ వద్దని.

పాత అలవాటు కొద్దీ అన్ని పరుపులనూ మేడ మీద ఎండలో వేయకండి. దూది పరుపుకు ఎండ ప్రాణం. తేమ పోతుంది, దూది పొంగుతుంది. కానీ లేటెక్స్ ఎండకు గట్టిపడి పగుళ్లిస్తుంది, ఫోమ్ పసుపుబారి పైపైన పెళుసవుతుంది. వాటిని నీడలో గాలికి నిలబెడితే చాలు. కొబ్బరి పీచు పరుపును మధ్యకు మడిస్తే లోపల పీచు విరిగి, మడిచిన చోట శాశ్వతంగా గీత పడిపోతుంది. ఇల్లు మారేటప్పుడు దాన్ని నిలువుగా, చదునుగానే తీసుకెళ్లాలి.

వారంటీ పదేళ్లని రాసి ఉన్నప్పుడు చదవాల్సింది సంవత్సరాలు కాదు, గుంట లోతు. పరుపు ఎన్ని అంగుళాలు కుంగితే దాన్ని లోపంగా ఒప్పుకుంటారో చాలా కార్డుల్లో ఉంటుంది. అంగుళం కన్నా లోతుగా ఉండాలని రాసి ఉంటే ముప్పావంగుళం గుంట పడ్డా ఎవరూ మార్చరు. మరక పడితే వారంటీ చెల్లదని కూడా తరచుగా ఉంటుంది. అందుకే మొదటి రోజు నుంచే పరుపు మీద ఒక ఉతికే కవరు వేసి ఉంచాలి.

పొట్లం కట్టి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, గరిష్ఠ ధర, సైజు అవసరమైన చోట సైజు ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. 2018 నుంచి ఆన్‌లైన్ అమ్మకాలకూ ఆ వివరాలు తప్పనిసరి. డెన్సిటీ, పొరల మందం మాత్రం అడిగి రాయించుకోవాల్సినవి. “అన్నా, బిల్లు మీద పైపొర ఎన్ని అంగుళాలు, కింద ఎంత డెన్సిటీ, మొత్తం బరువెంత, ఈ మూడూ రాసివ్వు” అంటే చాలు. రాసిచ్చాక తేడా వస్తే ఆ బిల్లే మీ చేతిలో ఆధారం. దుకాణదారు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, బిల్లులో రాసిన బరువు, ఇంట్లో తూచిన బరువు రెండూ చెప్పండి.